ఉన్న బస్తాలకు లెక్క రాయాలి

ఎరువుల వ్యాపారంలో చాలాకాలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. సరుకు తగ్గినప్పుడు ఆ మాట కాగితం మీద పెట్టకూడదనేది ఆ నమ్మకం. పెడితే డీలర్లు ఎగబడతారట, డీలర్లు ఎగబడితే రైతులు క్యూ కడతారట, క్యూ ఫొటో పత్రికలో పడితే కలెక్టరేట్ నుంచి ఫోన్ వస్తుందట. అందుకని కంపెనీ ప్రతినిధి ఉత్తరం రాయడు, ఫోన్ చేస్తాడు. అందులోనూ ఒక్కో డీలరుతో ఒక్కో మాట చెబుతాడు. ఒకరికి "వచ్చే వారం చూద్దాం" అంటాడు, ఇంకొకరికి "నీకు మాత్రం సర్దుతా" అంటాడు. తప్పనిసరై రాయాల్సి వస్తే "అనివార్య కారణాల వల్ల సరఫరాలో కొంత జాప్యం, వీలైనంత త్వరలో పంపగలము" అనే రెండు ముక్కలు రాస్తాడు. ఉన్న సరుకును పంచడానికి రెండు పద్ధతులే ఉన్నాయని కూడా ఈ వ్యాపారం నమ్ముతుంది. ఇండెంట్ ఎంత పెట్టారో ఆ దామాషాలో పంచడం ఒకటి, నిరుడు ఎంత ఎత్తారో ఆ దామాషాలో పంచడం రెండోది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడి నేలల మీద ఈ మూడు నమ్మకాలూ తప్పని, వాటివల్ల నష్టపోయేది చివరకు పప్పుశనగ రైతేనని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు పంట సంగతి. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, పెద్దముడియం, ఆలూరు వైపు రబీలో పప్పుశనగను ఎక్కువగా వర్షాధారంగానే వేస్తారు. వానాకాలం చివరి వానలకు రేగడి తాగిన నీరే ఆ పంటకు ఆధారం. అక్టోబరులో పదును చూసి విత్తనం పడాలి, నవంబరు మధ్య దాటితే ఆలస్యమే. ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం వేయాలని సిఫారసు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. అందుకే ఇక్కడి రైతు లెక్క ఎకరాకు ఒక బస్తా. ఆ బస్తా విత్తే రోజునే పడాలి. భాస్వరం వేసిన చోటనే ఉండిపోతుంది, మట్టిలో కదలదు. తడిలేని పైమట్టి మీద తర్వాత చల్లినా వేరుకు అందదు. యూరియా పది రోజులు ఆలస్యమైతే పైపాటుగానైనా వేసుకోవచ్చు, డీఏపీకి ఆ అవకాశం లేదు. నవంబరు చివర్లో రేక్ వచ్చి గోడౌన్ నిండినా, అప్పటికే విత్తేసిన శనగ చేనుకు అది లేనట్టే. కాబట్టి డీఏపీ కొరతలో ఎంత వస్తుందన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు వస్తుందన్నదీ అంతే ముఖ్యం. "వీలైనంత త్వరలో" అన్న మాట ఈ పంట దగ్గర ఎందుకూ పనికిరాదు.

2024 రబీలో దేశమంతా ఈ కొరత చూసింది. దేశంలో ఏటా కోటి టన్నుల అటూఇటూ డీఏపీ వాడుతుంటే ఇక్కడ తయారయ్యేది అందులో సగం కూడా లేదు. మిగిలింది ఓడల్లో రావాలి. చైనా ఎగుమతులను బిగించింది. ఎర్రసముద్రంలో దాడుల భయంతో ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. బయట ధర పెరిగినా ఇక్కడ బస్తా 1,350 రూపాయలకే అమ్మాల్సి వచ్చింది. ఆ తేడాను పూడ్చడానికి కేంద్రం సబ్సిడీ కాక టన్నుకు 3,500 రూపాయల ప్రత్యేక ప్యాకేజీ ఇచ్చింది. ఇవన్నీ బహిరంగ విషయాలు, ఎరువుల దుకాణం నడిపే ప్రతి ఒక్కరికీ సెప్టెంబరుకే తెలిసినవి. అలాంటప్పుడు కొరత దాస్తే ఎగబడడం ఆగుతుందన్న వాదన మొదటి అడుగులోనే కూలిపోతుంది. దాచడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. పైగా 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నాలుగో క్లాజు ప్రకారం చిల్లర అమ్మకం చేసే ప్రతి డీలరూ ఆ రోజు ప్రారంభ నిల్వ ఎంతో, ధర ఎంతో దుకాణంలో అందరికీ కనపడేలా బోర్డు పెట్టాలి. రోజూ నిల్వకు బోర్డు పెట్టమన్న చట్టం ఉన్న వ్యాపారంలో, పై మెట్టు మీద ఉన్న కంపెనీ డీలరుకు తన నిల్వ చెప్పకపోవడాన్ని జాగ్రత్త అనలేం.

డీలరుకు కొరత ఉందని తెలుసు. తనకు ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఎవరికి ఎక్కువ పోతుందో మాత్రం తెలియదు. ఎగబడడం ఈ తెలియనితనం లోంచే పుడుతుంది. రెండో రేక్ వస్తుందో రాదో తెలియని డీలరు మొదటి రేక్‌లోనే రెండు రేకుల సరుకు లాగాలని చూస్తాడు. రైతూ అంతే. వచ్చే వారం దొరుకుతుందన్న నమ్మకం లేనివాడు పదెకరాలకు ఇరవై బస్తాలు అడుగుతాడు. ఇది వాళ్ల దురాశని కొట్టిపారేయడం తేలిక. కానీ ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియని చోట ఎక్కువ అడగడమే తెలివైన పని. ఆ తెలివిని అవసరం చేసి పెట్టింది పంపకం పద్ధతే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హావ్ లీ, మరో ఇద్దరు 1997లో రాసిన వ్యాసంలో సరఫరా గొలుసుల్లో ఆర్డర్లు ఎందుకు అసలు గిరాకీకి మించి ఊగిసలాడతాయో చూపారు. వాళ్లు చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి ఇదే. సరుకు తగ్గుతుందని, ఉన్నది ఆర్డర్ల దామాషాలో పంచుతారని తెలిసినప్పుడు కొనేవాడు ఆర్డరును ఉబ్బిస్తాడు. కంపెనీ ఆ ఉబ్బిన అంకెనే గిరాకీ అనుకుంటుంది.

అంకెల్లో పెడితే ఇది ఇంకా స్పష్టం. ఊళ్ల పేర్లు గుర్తు కోసం మాత్రమే, అంకెలు లెక్క కోసం మాత్రమే. ఒక కంపెనీకి ముగ్గురు హోల్‌సేల్ డీలర్లు ఉన్నారనుకుందాం. కోయిలకుంట్ల డీలరు పరిధిలో 20,000 ఎకరాల శనగ, జమ్మలమడుగు డీలరు పరిధిలో 12,000, ఆలూరు డీలరు పరిధిలో 8,000. ఎకరాకు బస్తా చొప్పున అసలు అవసరం వరుసగా 1,000, 600, 400 టన్నులు, మొత్తం 2,000. వచ్చింది 1,000 టన్నులే. ముగ్గురూ నిజం అడిగితే ఇండెంట్ దామాషాలో 500, 300, 200 వస్తాయి. జమ్మలమడుగు డీలరు ఒక్కడు 1,200 టన్నులకు ఇండెంట్ పెట్టాడనుకోండి. అప్పుడు అతనికి 461 టన్నులు పోతాయి, కోయిలకుంట్లకు 385, ఆలూరుకు 154 మిగులుతాయి. నిజం చెప్పిన ఇద్దరు 161 టన్నులు పోగొట్టుకున్నారు, అదంతా అబద్ధం చెప్పినవాడికి చేరింది. మరుసటి సీజనులో ముగ్గురూ రెట్టింపు అడుగుతారు. పంపకం మళ్లీ 500, 300, 200కే వస్తుంది, కానీ కంపెనీ పుస్తకంలో గిరాకీ 4,000 టన్నులని పడుతుంది. ఆ అంకె చూసి పైన ఓడల లెక్క వేసేవాళ్లు ఏ నిర్ణయం తీసుకున్నా అది తప్పు పునాది మీదే ఉంటుంది. ఇండెంట్ దామాషా అందరినీ సమానంగా చూస్తుందని అనిపిస్తుంది. నిజానికి అది అబద్ధానికి బస్తాల్లో ధర కట్టి ఇచ్చే పద్ధతి.

ఇండెంట్‌ను నమ్మలేం గనక నిరుటి అమ్మకం చూద్దామంటారు అనుభవజ్ఞులు. జరిగిపోయిన అమ్మకాన్ని ఎవరూ ఉబ్బించలేరు గదా అన్నది వాళ్ల ధీమా. తడి నేలల్లో, కాలువ కింద ఈ మాట కొంతవరకు నిలుస్తుంది. రాయలసీమలో నిలవదు. ఇక్కడ నిరుడు అనేది కొలబద్ద కాదు, వాన పడిందో లేదో చెప్పే గుర్తు మాత్రమే. 2023 ఖరీఫ్‌లో వానలు ముఖం చాటేస్తే కర్నూలు జిల్లాలో చాలా మండలాలను ప్రభుత్వం కరువు మండలాలుగా ప్రకటించింది. పదును లేని చోట రబీ విత్తనమూ పడదు, ఎరువూ అమ్ముడుపోదు. ఆ ఏడాది అమ్మకాన్ని కొలతగా పెట్టి 2024లో సరుకు పంచితే, కరువు దెబ్బ తిన్న పల్లె వానపడ్డ ఏడాది కూడా తక్కువ బస్తాలతోనే సరిపెట్టుకోవాలి. నిరుడు పంట పోయినందుకు ఈ ఏడు ఎరువు కోత. ఇంతకంటే తలకిందులైన లెక్క ఉండదు. దీనికి తోడు, నిరుడు తన పరిధి దాటి పక్క జిల్లాకు సరుకు తోలిన డీలరు పుస్తకంలో ఎక్కువ అమ్మకం కనిపిస్తుంది. అతనికి ఈ ఏడు బహుమతిగా ఎక్కువ సరుకు వస్తుంది. ఆ సరుకు మళ్లీ పక్క జిల్లాకే పోతుంది.

మరి దేన్ని కొలతగా పెట్టాలి? డీలరు నోటితో మార్చలేనిది, ఒక్క కరువు ఏడాదికే కుదించుకుపోనిది ఏదైనా ఉంటే అది కొన్నేళ్ల పంట విస్తీర్ణం. మన రాష్ట్రంలో ఈ-పంట నమోదు వల్ల ఏ మండలంలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారో రికార్డు ఉంది. ఒక్క ఏడాది చూడకుండా మూడేళ్ల సగటు తీసుకుంటే, అందులో కరువు ఏడాదిని పక్కన పెడితే, ఆలూరు లాంటి చోటుకు న్యాయం జరుగుతుంది. రెండో కొలత డీలరు పరిధిలో ఇప్పటికే ఉన్న నిల్వ. 2018 నుంచి సబ్సిడీ ఎరువు ఏదైనా ఈ-పాస్ యంత్రం మీద రైతు గుర్తింపు పడితేనే అమ్మినట్టు. కంపెనీకి సబ్సిడీ వచ్చేది ఆ అమ్మకం మీదే. కాబట్టి ఏ చిల్లర దుకాణంలో ఎన్ని బస్తాలు మిగిలాయో కంపెనీకి కేంద్ర ప్రభుత్వ వ్యవస్థలో కనిపిస్తూనే ఉంటుంది. ఈ రెండూ కలిపి పై లెక్కనే మళ్లీ వేద్దాం. కోయిలకుంట్ల పరిధిలో పాత నిల్వ 100 టన్నులు, జమ్మలమడుగులో 200, ఆలూరులో ఏమీ లేదు. వచ్చిన 1,000 టన్నులు, పాతవి 300 కలిపితే 1,300. దాన్ని 40,000 ఎకరాలకు పంచితే ఎకరాకు 32 కిలోల 500 గ్రాములు. ఆ చొప్పున కోయిలకుంట్లకు 650 టన్నులు చెందాలి, ఉన్న 100 తీసేస్తే కొత్త సరుకు 550. జమ్మలమడుగుకు 390, ఉన్న 200 పోతే 190. ఆలూరుకు మొత్తం 260 కొత్త సరుకే. ఇండెంట్ ఇక్కడ గరిష్ఠ పరిమితిగా మాత్రమే పనిచేస్తుంది. ఆలూరు డీలరు డబ్బు సర్దలేక 200 టన్నులే చాలంటే, మిగిలిన 60 టన్నులను తక్కిన ఇద్దరికీ ఎకరాల దామాషాలో 37.5, 22.5గా వేస్తారు. ఇందులో ఎక్కువ అడిగినవాడికి ఒక్క బస్తా కూడా ఎక్కువ రాదు. అందుకని ఎక్కువ అడగాల్సిన పని ఉండదు. సరుకు దాచుకున్నవాడికి ఆ నిల్వే కోత అవుతుంది.

ఈ పద్ధతికి లోపం లేదని చెప్పడం లేదు. ఈ-పాస్‌లో అమ్మినట్టు చూపి బస్తాలు వెనక గదిలో పెట్టుకునే వీలుంది. పరిచయమున్న నలుగురి వేలిముద్రలతో వందల బస్తాలు అమ్మకం రాసేయొచ్చు. కానీ అలా రాసినప్పుడు ఒకే పేరు మీద పెద్ద కొనుగోళ్లు పేరుకుంటాయి. జిల్లాలో అత్యధికంగా కొన్న ఇరవై మంది జాబితా తీసి వ్యవసాయాధికారులు విచారించే ఏర్పాటు ఉన్నది అందుకే. ఇండెంట్‌లో అబద్ధం కాగితం మీద జాడ లేకుండా పోతుంది, ఈ-పాస్‌లో అబద్ధం జాడ వదులుతుంది. రెండింటిలోనూ లోపమున్నప్పుడు పట్టుబడే లోపమే మేలు.

రాష్ట్రానికి ఎంత రావాలో కేంద్రం నిర్ణయిస్తుంది, మార్క్‌ఫెడ్ వాటా ఎంతో రాష్ట్రం నిర్ణయిస్తుంది, ఇంక కంపెనీ చేతిలో ఏముందని ఇంకో అభ్యంతరం. ప్రైవేటు డీలర్లకు మిగిలిన వాటాలో ఏ డీలరు లారీకి ఎన్ని బస్తాలు ఎక్కాలన్నది కంపెనీ చేతిలోనే ఉంది. రేక్ పాయింట్ దగ్గర ప్రతినిధి ఫోన్‌లో జరిగే బేరమంతా దాని గురించే. అధికారం లేనిచోట బేరం ఉండదు. కష్టకాలంలో మాతో ఉన్న డీలరుకు, ముందే డబ్బు కట్టినవాడికి ఎక్కువ ఇవ్వకపోతే వ్యాపారం ఎలా నడుస్తుందని మరొకరంటారు. ఆ బాధ్యతను కాదనలేం. ఆ విశ్వాసానికి అప్పు గడువు పెంచండి, సరుకు పుష్కలంగా ఉన్న నెలల్లో తగ్గింపు ఇవ్వండి. విత్తే వారంలో పక్క ఊరి రైతు బస్తాను తీసి ఆ బాకీ తీర్చడం మాత్రం కుదరదు. ఆ రైతు మీకేమీ బాకీ లేడు.

చట్టం సంగతీ చూడాలి. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో అమలయ్యే యూనిఫామ్ కమర్షియల్ కోడ్ 2-615 సెక్షన్ ప్రకారం, అనుకోని కారణంతో సరఫరా సామర్థ్యం కొంత దెబ్బతిన్న అమ్మకందారు ఉన్న సరుకును కొనుగోలుదార్ల మధ్య న్యాయంగా, సహేతుకంగా పంచాలి. పంచితే సరిపోదు, నీ వాటా సుమారు ఇంత అని కొనుగోలుదారుకు సకాలంలో తెలపాలి. ఆ సమాచారం అందాక కొనుగోలుదారు ఆ వాటా తీసుకోవచ్చు, లేదా ఒప్పందం వదులుకోవచ్చు. మన 1930 సరుకుల అమ్మకం చట్టం 37వ సెక్షన్ ఒప్పుకున్నదానికంటే తక్కువ సరుకు పంపితే కొనుగోలుదారు తిప్పి పంపవచ్చని, ఉంచుకుంటే ఒప్పుకున్న ధర కట్టాలని చెబుతుంది. అది సరుకు దిగిన తర్వాతి హక్కు. విత్తే పదును దాటిపోయాక డీలరుకు గానీ రైతుకు గానీ ఆ హక్కుతో ఒరిగేదేమీ లేదు. ముందుగా తెలియడమే ఇక్కడ అసలు విలువ. దాన్ని ఇవ్వగలిగింది ఉత్తరం ఒక్కటే.

ఆ ఉత్తరం ఎలా ఉండాలంటే, పై లెక్కలోని జమ్మలమడుగు డీలరుకు సెప్టెంబరు చివర్లో ఇలా వెళ్లాలి: "డీలరు గారికి. ఈ రబీకి మా డీఏపీ అవసరంలో సగమే అందుతోంది. ఖాయమైన సరుకు 1,000 టన్నులు, అక్టోబరు 8న రేక్ పాయింట్‌కు చేరుతుంది. రెండో రేక్ వస్తుందని అనుకుంటున్నాం గానీ ఖాయం కాలేదు, దాన్ని నమ్ముకుని మీరు ఎవరికీ మాట ఇవ్వవద్దు. పంపకం మండలాల శనగ ఎకరాల ప్రకారం, మీ పరిధిలోని నిల్వ తీసివేసి చేశాం. మీ ఎకరాలు 12,000, చొప్పు 32.5 కిలోలు, మీ నిల్వ 200 టన్నులు, మీకు వచ్చేది 190 టన్నులు, అంటే 3,800 బస్తాలు. మిగతా డీలర్ల లెక్క కింద జతచేశాం. అంకెల్లో తప్పుంటే అక్టోబరు 3లోగా రాయండి. 12లోగా ఎత్తని సరుకు మిగిలినవారికి పంచుతాం. ఇండెంట్ పెంచితే వాటా పెరగదు. అక్టోబరు 15న రెండో రేక్ గురించి, వచ్చినా రాకపోయినా, మళ్లీ రాస్తాం." ఇందులో క్షమాపణ లేదు, సాకు లేదు. ఖాయమైనదీ కానిదీ వేరువేరు వాక్యాల్లో ఉన్నాయి. డీలరు తన లెక్కను తానే వేసి చూసుకోగలడు. పక్కవాడి లెక్క కూడా కనిపిస్తోంది కాబట్టి తనకొక్కడికే అన్యాయం జరిగిందన్న అనుమానానికి తావు లేదు. పక్కవాడి అంకె చూపిస్తే గొడవలొస్తాయంటారు. గొడవ వస్తే అంకె మీద వస్తుంది, అంకెను సరిదిద్దవచ్చు. దాచిన పంపకం మీద వచ్చిన గొడవకు సరిదిద్దే చోటే దొరకదు.

ఎకరాకు 32.5 కిలోలంటే బస్తాలో దాదాపు మూడింట రెండు వంతులు. అందులో వచ్చే భాస్వరం 15 కిలోలు, ఇంకా 5 కిలోలు కావాలి. 16 శాతం భాస్వరమున్న సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 31 కిలోలు వేస్తే ఆ లోటు తీరుతుంది, శనగకు గంధకమూ అందుతుంది. తగ్గిన నత్రజనికి ఐదు కిలోల యూరియా చాలు. ఈ మాట కూడా ఉత్తరంలో ఉండాలి, ఎందుకంటే రైతు డీలరును అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇక్కడే ఒక హెచ్చరిక. కొరతలో డీఏపీకి ఇంకేదో లింకు పెట్టి అంటగట్టే అలవాటు ఈ వ్యాపారాన్ని పీడిస్తోంది. కంపెనీ డీలరుకు అంటగడుతుంది, డీలరు రైతుకు అంటగడతాడు. ప్రత్యామ్నాయం చెప్పడానికీ లింకు పెట్టడానికీ తేడా ఒక్క వాక్యంలో ఉంటుంది. "సూపర్ తీసుకోకపోయినా మీ డీఏపీ వాటా మారదు" అన్న వాక్యం ఉత్తరంలో ఉంటే అది సలహా. ఆ వాక్యం లేకపోతే ఉత్తరం అందుకున్న డీలరు దాన్ని లింకుగానే చదువుకుంటాడు, తన కింది చిల్లర దుకాణాలకూ అలాగే చెబుతాడు.

ఈ ఉత్తరం కొంత అలజడి రేపుతుందన్నది నిజం. 3,800 బస్తాలే వస్తున్నాయని తెలిసిన రోజు జమ్మలమడుగులో కొందరు రైతులు ముందుగా దుకాణానికి వస్తారు. కానీ వాళ్లు అక్టోబరు మొదట్లో వస్తారు, సూపర్ దొరికే సమయంలో, పదును ఇంకా ఆరకముందు వస్తారు. ఉత్తరం రాకపోతే వాళ్లే నవంబరులో వస్తారు, గొర్రు కట్టిన తర్వాత. ఏ అలజడి మేలో ఆ రెండు తేదీలే చెబుతాయి. ఇదంతా నిలవాలంటే నియమం ఒక్కసారి కూడా సడలకూడదు. ఏ ఒక్కరి సిఫారసు మీద 20 టన్నులు అటు తిప్పినా ఆ వార్త సాయంత్రానికి ప్రొద్దుటూరు దాకా పోతుంది. అక్టోబరు 15న రాసే రెండో ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు, ఆ రాత్రికే ఇండెంట్లు మళ్లీ రెట్టింపవుతాయి. రేక్ రాకపోయినా 15వ తేదీన ఆ ఉత్తరం వెళ్లి తీరాలి, "రాలేదు, ఇంక విత్తే గడువులోపు రాదు, ఉన్నదానితో సూపర్ కలిపి వేసుకోమని రైతులకు ఈరోజే చెప్పండి" అని.